పదానికి 80 పైసలు: ఒక డిగ్రీ అమ్మాయి మొదటి సంపాదన, లెక్కలతో సహా

అమ్మాయిది సూర్యాపేట దగ్గర ఊరు. కోఠీలో డిగ్రీ రెండో సంవత్సరం, ఉండేది బర్కత్‌పురాలో లేడీస్ హాస్టల్. 2025 ఆగస్టులో ఆమెకు మొదటి రాతపని దొరికింది. జిల్లాల నుంచి హైదరాబాద్ చూడటానికి వచ్చే కుటుంబాలకు టూర్లు నడిపే ఒక చిన్న కంపెనీ, తన వెబ్‌సైట్‌లో ఐదు చోట్ల గురించి తెలుగు పేజీలు పెట్టుకోవాలనుకుంది. మోజంజాహీ మార్కెట్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, కుతుబ్‌షాహీ సమాధులు, కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ. రేటు పదానికి 80 పైసలు, పేజీకి 600 పదాలు. అంటే పేజీకి 480 రూపాయలు, ఐదింటికి 2,400. ముందు ఒక పేజీ సాంపిల్‌గా రాసివ్వాలి, అది నచ్చితేనే మిగతావి.

ఇందులో మోసమేమీ లేదు. కొత్తవాళ్ళకు తెలుగులో ఇలాంటి రేట్లు చెప్పడం నేను చాలా చూశాను. కానీ ఈ లెక్కే ఆమె రాతను పాడుచేసింది, ఇంకొంచెమైతే పని కూడా పోయేది. అదెలా జరిగిందో, ఎలా సర్దుకుందో రాస్తున్నాను, ఎందుకంటే తెలుగులో ఫ్రీలాన్స్ రాత మొదలుపెట్టే పిల్లలు నా దగ్గరికి తెచ్చే గొడవల్లో ఎక్కువ భాగం తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. నేను తెలుగు ఎడిటింగ్ చేస్తాను, కంపెనీల వెబ్‌సైట్లు, కరపత్రాలు, వీడియో స్క్రిప్టులు అన్నీ. మా పిన్ని కూతురికి ఈ అమ్మాయి రూమ్మేట్, అలా నా దాకా వచ్చింది. పేరు వద్దంది, కాబట్టి రాయడం లేదు.

సాంపిల్‌కి మోజంజాహీ మార్కెట్ తీసుకుంది. 612 పదాలు రాసి పంపింది. మర్నాడే మేనేజర్ నుంచి జవాబు: "తప్పులేం లేవమ్మా, కానీ చదవబుద్ధి కావట్లేదు. ఇంకోసారి చూడండి." ఎక్కడ బాగోలేదో ఆయన చెప్పలేదు. చెప్పడం ఆయనకు రాదు కూడా, ఆయన టూర్లు నడిపే మనిషి.

ఆ పేజీ మొదటి నాలుగు వాక్యాలు ఇవి:

"హైదరాబాద్ నగరంలో ఎన్నో చారిత్రక కట్టడాలు ఉన్నాయి. వాటిలో మోజంజాహీ మార్కెట్ ఒకటి అని చెప్పుకోవచ్చు. ఈ మార్కెట్‌ను నిజాం పరిపాలన కాలంలో నిర్మించడం జరిగింది. ఈ మార్కెట్‌కు ఎంతో ఘనమైన చరిత్ర కలదు అనడంలో ఎటువంటి సందేహం లేదు."

చదివేసి, ఫైల్‌లో "జరిగింది" అని వెతికాను. ఇది నాకు అలవాటు, కొత్తవాళ్ళ రాత చేతికొస్తే ముందు చేసే పని ఇదే. "నిర్మించడం జరిగింది", "ఏర్పాటు చేయడం జరిగింది", "పునరుద్ధరించడం జరిగింది" వరసగా వెలిగాయి. తర్వాత "చెప్పుకోవచ్చు", ఆ తర్వాత "అనడంలో". ఇవి అక్కడక్కడా ఒకటీ అరా ఉంటే అలవాటు అనుకుని వదిలేస్తాను. పేజీ నిండా ఉంటే మాత్రం ఆ మనిషి చెప్పాల్సింది అయిపోయాక కూడా రాస్తూ ఉందని అర్థం. "కట్టించారు" అంటే ఒక పదం, "నిర్మించడం జరిగింది" అంటే రెండు. పదానికి 80 పైసలైతే ఆ జరగడానికి అదనంగా 80 పైసలు.

ఆమె కావాలని చేసిందా అంటే, సగం కావాలనే. నేను అడిగితే దాచకుండా చెప్పింది. "నాకు దొరికిన ముచ్చట మొత్తం మూడొందల పదాల్లోనే అయిపోయింది అక్కా. ఆర్నూరు కావాలన్నరు. ఇంకేం రాయాలె?"

ఆ ప్రశ్నకు జవాబు కంపెనీ దగ్గరే ఉంది. ఈ 600 ఎక్కడ నుంచి వచ్చిందో కనుక్కోమన్నాను. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఇవే చోట్ల గురించి ఇంగ్లిష్ పేజీలు ముందే ఉన్నాయి, ఒక్కోటి 600 పదాలు. తెలుగూ అంతే ఉండాలని మేనేజర్ అనుకున్నాడు. బయటి నుంచి చూస్తే న్యాయంగానే ఉంది. కానీ తెలుగులో విభక్తులు పదానికే అంటుకుంటాయి, ఇంగ్లిష్‌లో విడిగా నిలబడే చిన్న చిన్న మాటలన్నీ మనకు చివర ఒక అక్షరంలోకో రెండక్షరాల్లోకో వెళ్ళిపోతాయి. కంప్యూటరేమో ఖాళీలను చూసి లెక్కపెడుతుంది. నా చేతుల మీదుగా వెళ్ళిన పేజీల్లో 600 ఇంగ్లిష్ పదాల విషయం తెలుగులో మామూలుగా 420, 450 మధ్య తేలుతుంది. చట్టాలు, మందుల సమాచారం లాంటివైతే కొంచెం అటూ ఇటూ. అంటే 600 తెలుగు పదాలు అడగడమంటే ఇంగ్లిష్ పేజీ కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ విషయం అడగడం, లేదా మూడో వంతు నీళ్ళు కలపమని చెప్పడం. విషయం లేని కొత్తమనిషి ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

పై నాలుగు వాక్యాలనూ ఆమె ఎదుటే ఒక్క వాక్యం చేశాను:

"మోజంజాహీ మార్కెట్‌ను 1935లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించి, తన రెండో కొడుకు మోజంజా పేరు పెట్టారు."

ఇప్పుడు లెక్క చూడండి. పాత నాలుగు వాక్యాలు 29 పదాలు, వాటికి 23 రూపాయల 20 పైసలు. కొత్త వాక్యం 15 పదాలు, 12 రూపాయలు. పాతదాంట్లో సంవత్సరం లేదు, కట్టించినాయన పేరు లేదు, మార్కెట్‌కు ఆ పేరెందుకొచ్చిందో లేదు. కొత్తదాంట్లో మూడూ ఉన్నాయి, డబ్బు మాత్రం సగమే. పేజీ మొత్తం ఇలా నీళ్ళు పిండేస్తే 340 పదాలు మిగిలాయి, 272 రూపాయలు. "బాగ రాస్తే తక్కువ పైసలా అక్కా, గిదేం లెక్క?" అని నవ్వింది గానీ ఆ ముఖంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది. హాస్టల్ మెస్ బిల్లు కట్టాలి పాపం.

రేటు సంగతి తర్వాత, ముందు పేజీలో విషయం నింపాలి కదా. ఆమె ఫోన్లో నాలుగు సైట్లు చదివి రాసింది, ఆ నాలుగు సైట్లూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. కాలేజీ నుంచి మార్కెట్ దగ్గరే, నడిచి వెళ్ళొచ్చు. వెళ్ళమన్నాను. ఊరికే చూసి రావొద్దు, సూర్యాపేట నుంచి మీ అమ్మానాన్న, చిన్న తమ్ముడు ఇక్కడికి వస్తే ఏం అడుగుతారో అవి కనుక్కుని రా అన్నాను. ఎక్కడ దిగాలి, ఎన్ని గంటలకు వెళ్తే బాగుంటుంది, ఏం తినాలి, ఎంతసేపు పడుతుంది, కూర్చోవడానికి చోటుందా.

ఆమె తెచ్చిన నోట్సు చూసి నాకే ముచ్చటేసింది. అత్తరు కొట్టాయనతో మాట్లాడింది. చేత్తో తిప్పి చేసే పండ్ల ఐస్‌క్రీముల్లో సీతాఫలం సీజన్‌లోనే దొరుకుతుందని, జనం ఎక్కువగా రాత్రి భోజనాలయ్యాక వస్తారని రాసుకుంది. ఒకప్పుడు నగరానికి పండ్ల మార్కెట్ ఇదేనని, ఆ వ్యాపారం తర్వాత గడ్డి అన్నారం వెళ్ళిందని ఒక పెద్దాయన చెబితే, అది నిజమో కాదో పాత వార్తల్లో చూసి సరిచూసుకుంది. ఇది నేను చెప్పకుండానే చేసింది. నోటిమాటగా విన్నదాన్ని అచ్చులో పెట్టేముందు ఇంకోచోట సరిచూసుకోవడం చాలామందికి ఎన్నేళ్ళు రాసినా రాదు. రాతి కట్టడం, గడియారం బురుజు, 2020లో మరమ్మతులయ్యాక మళ్ళీ తెరవడం, గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చన్న సంగతి, అన్నీ చేరి పేజీ 441 పదాలు అయింది. "జరిగింది" ఒక్కటీ లేదు.

ఇప్పుడు రేటు. 441 పదాలకు 80 పైసల లెక్కన 352 రూపాయల 80 పైసలు వస్తాయి, అనుకున్న 480 రావు. పదానికి రూపాయి పది పైసలు అడుగుదామంది. నేను వద్దన్నాను. రేటు ఎంత పెంచినా మీటరు పదాల మీదే తిరుగుతుంటే రేపు మళ్ళీ "జరిగింది" వెనక్కి వస్తుంది, పైగా ఆయనకు 80 నుంచి 110 అంటే పెంచినట్టు కనబడుతుంది. ఆయన మనసులో పేజీకి 480 అని ఒక బడ్జెట్ ఉంది కదా, మాట అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పేజీ లెక్కన అడగాలి, ఆ పేజీలో ఏముంటుందో స్పష్టంగా చెప్పాలి.

సవరించిన సాంపిల్‌తో పాటు ఆమె పంపిన మెసేజ్ ఇది, నేను రెండు చోట్ల మాత్రం చెయ్యి పెట్టాను:

"సార్, పేజీ మళ్ళీ రాశాను, చూడండి. ఇంగ్లిష్ పేజీలో ఉన్నవన్నీ ఉన్నాయి, అదనంగా వెళ్ళే దారి, తెరిచి ఉండే వేళలు, పట్టే సమయం చేర్చాను. తెలుగులో అదే విషయం తక్కువ పదాల్లో వస్తుంది, 600 చేయాలంటే చెప్పిందే చెప్పాలి. అందుకని పదాల లెక్క కాకుండా పేజీకి 600 రూపాయలు అనుకుందాం సార్. ప్రతి పేజీకీ నేనే వెళ్ళి చూసి రాస్తాను. ఒకసారి మార్పులు చెబితే అదే డబ్బులో చేసిస్తాను, ఆ తర్వాత కొత్త విషయం చేర్చమంటే విడిగా మాట్లాడుకుందాం."

చివరి వాక్యం గురించి ఒక మాట. పేజీ లెక్కలో ఉన్న ప్రమాదమంతా అక్కడే ఉంది. పదాల లెక్కలో అయితే ఇంకో వంద పదాలు చేర్చమంటే ఇంకో 80 రూపాయలు వస్తాయి. పేజీ లెక్కలో హద్దు రాసుకోకపోతే ఇది చేర్చు, అది మార్చు అని పేజీ పెరుగుతూనే ఉంటుంది, రూపాయి పెరగదు. అందుకే ఒక్కసారి మార్పులన్నది మొదటి మెసేజ్‌లోనే ఉండాలి. పని సగమయ్యాక చెబితే అది గొడవలా వినిపిస్తుంది.

మేనేజర్ ఫోన్ చేసి 500 అన్నాడు, ఈమె 600 అంది, 550 దగ్గర ఆగారు. ఐదు పేజీలకు 2,750.

మిగతా నాలుగు పేజీలు పెద్ద కష్టం లేకుండానే అయ్యాయి. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ శుక్రవారం మూసి ఉంటాయి, ఆ సంగతి పేజీ పైభాగంలోనే పెట్టించాను, ఊరి నుంచి పిల్లల్ని వేసుకుని బస్సెక్కి వచ్చినవాళ్ళకు దానికంటే ముఖ్యమైన వాక్యం ఇంకోటి ఉండదు. మ్యూజియంలో గంట కొట్టే సంగీత గడియారం ముందు కుర్చీలు నిండకముందే వెళ్ళమని ఆమే రాసింది. రెసిడెన్సీ పేజీ అన్నిటికంటే బాగా వచ్చింది. ఆమె కాలేజీ ఉన్నది అక్కడే, రోజూ నడిచే ఆవరణ కదా, దాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కథ, మెట్లకు అటూ ఇటూ ఉన్న సింహాలు, అన్నీ కళ్ళకు కట్టినట్టుంది. కుతుబ్‌షాహీ పేజీ మాత్రం మొదట రాజుల పేర్ల చిట్టాలా తయారైంది, అది సగం కొట్టేయాల్సి వచ్చింది.

తర్వాత బిల్లు. చాలామంది పిల్లలు వాట్సాప్‌లో ఫోన్‌పే నంబర్ పెట్టి ఊరుకుంటారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి అది చాలదు, వాళ్ళ అకౌంటెంట్‌కు కాగితం కావాలి. ఒక పేజీ బిల్లు చేయించాను. తన పేరు బ్యాంకులో ఉన్నట్టే, అడ్రస్, తేదీ, బిల్లు నంబర్, చేసిన పని, మొత్తం, ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, పాన్. జీఎస్టీ నంబర్ అడుగుతారేమోనని భయపడింది. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేగానీ ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాన్ మాత్రం ఆమెకు లేదు. ఆధార్‌కు ఫోన్ నంబర్ లింకై ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో ఉచితంగా ఈ-పాన్ వస్తుంది. హాస్టల్లో కూర్చునే తీసుకుంది.

డబ్బు ఖాతాలో పడిన రోజు సాయంత్రం ఫోన్. "అక్కా, పైసలు పడ్డయి. కానీ తక్కువ పడ్డయి." 2,475 వచ్చాయి. తక్కువైంది 275, అంటే సరిగ్గా పది శాతం. ఇలా కచ్చితంగా పది శాతం తగ్గితే అది ఎవరో కొట్టేసింది కాదు, టీడీఎస్ అయి ఉంటుంది. వృత్తి సేవల ఫీజుల మీద కంపెనీ పది శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం. కానీ దానికి ఒక గీత ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషికి ఏడాదిలో ఇచ్చేది 50,000 దాటితేనే ఆ కోత, అంతకుముందు ఆ గీత 30,000 దగ్గర ఉండేది. 2,750కి కోయాల్సిన పనే లేదు. అకౌంటెంట్ అందరికీ కోసినట్టే ఈమెకూ కోసేశాడు.

ఇక్కడ తొందరపడాలి, ఎందుకంటే ఒక నెలలో పట్టుకున్నది మామూలుగా మరుసటి నెల 7వ తేదీ లోపల ప్రభుత్వానికి కడతారు. కట్టకముందు అడిగితే కంపెనీ తన చేత్తోనే వెనక్కి ఇచ్చేయగలదు. కట్టేశాక అది ఆమె పాన్ మీద 26ఏఎస్ అనే పన్ను చిట్టాలో కనబడుతుంది, రిటర్ను వేసి రీఫండ్ తెచ్చుకోవాలి, అంటే నెలల తరబడి ఆగాలి. ఇంకో సంగతీ ఉంది, కోసి కట్టకుండా ఉంటే 26ఏఎస్‌లో అసలు కనిపించదు, అప్పుడు గట్టిగా అడగాల్సిందే. ఈమె మర్యాదగా రెండు లైన్లు రాసింది: "సార్, ఈ ఏడాది మీ దగ్గర నా మొత్తం బిల్లు 2,750 మాత్రమే, 50,000 దాటలేదు. 275 ఇంకా కట్టకపోతే ఖాతాకు పంపగలరా?" వారంలోపల వచ్చింది. అకౌంటెంట్ సారీ కూడా చెప్పాడట, నాకు ఆశ్చర్యమేసింది.

మొత్తం 2,750లో 500 ఇంటికి పంపిందని, వాళ్ళ నాన్న ఆ డబ్బు ఖర్చుపెట్టకుండా ఖాతాలోనే ఉంచాడని తర్వాత తెలిసింది. మిగతాది మెస్‌కే పోయింది.

దసరా సెలవులయ్యాక అదే కంపెనీ మళ్ళీ పిలిచింది. ఈసారి రాయడం కాదు, వరంగల్ వైపు టూర్ కోసం రామప్ప గుడి, వేయిస్తంభాల గుడి, కోట గురించి తమ ఇంగ్లిష్ పేజీలను తెలుగు చేయాలి. నేర్చుకున్నది కదా, పేజీకి 550 అని చెప్పబోతుంటే నేను ఆపాను. అనువాదంలో విషయం ముందే తయారై ఉంటుంది, ఆమె వెళ్ళి చూసేదేం లేదు, పేజీలు కూడా ఒకటి 400 పదాలు, ఒకటి 1,100, ఇలా పొంతన లేకుండా ఉన్నాయి. అక్కడ పేజీ రేటు పెడితే పెద్ద పేజీ దగ్గర నష్టపోతుంది. అనువాదానికి పదాల లెక్కే మంచిది, కాకపోతే తెలుగు పదాలను కాదు, ఇంగ్లిష్ పదాలను లెక్కపెట్టాలి. పని మొదలుపెట్టకముందే ఆ సంఖ్య ఇద్దరి ముందూ ఉంటుంది, తర్వాత ఎవరూ సాగదీయలేరు, కుదించలేరు.

మేనేజర్ ఈసారి ఉదారంగా తెలుగు పదానికి రూపాయి ఇస్తానన్నాడు. ఆమె ఇంగ్లిష్ పదానికి 80 పైసలు చాలంది. 600 ఇంగ్లిష్ పదాలకు అది 480 రూపాయలు, ఆయన రూపాయి లెక్కలో అదే విషయం 430 తెలుగు పదాలైతే 430 రూపాయలు. ఆయనకు మాత్రం ఈమె తగ్గించినట్టే అనిపించింది, వెంటనే ఒప్పుకున్నాడు, సగం అడ్వాన్స్ కూడా ఇచ్చాడు.